టెన్త్ క్లాస్ కుర్రాడి చేత 'బ్రో' అనిపించకుండా కథ చెప్పించడం ఎలా

పదేళ్ళ కిందటి స్కూలు కథ ఏదైనా తీసి చదవండి, అందులో కథ చెప్పే పిల్లాడు ఏ సంవత్సరం వాడో రెండో పేరాలోనే తెలిసిపోతుంది. 'కేక' అన్నాడా, 'లైట్ తీస్కో' అన్నాడా, 'కిరాక్' అన్నాడా, దాన్ని బట్టి లెక్క కట్టేయొచ్చు. రాసిన రోజున ఆ మాటలు రచయితకి ఎంతో తాజాగా అనిపించి ఉంటాయి. ఇవాళ్టి పిల్లలు చదివితే మాత్రం మేనమామ పెళ్ళిలో కుర్రాళ్ళతో కలిసి డాన్స్ చెయ్యబోయినట్టు ఉంటుంది. ఇప్పుడు రాస్తున్నవాళ్ళు 'క్రింజ్', 'వైబ్', 'బ్రో' పెడుతున్నారు. వీటికీ అదే గతి పడుతుంది. పైగా పెద్దవాళ్ళ చెవిన పడేసరికే పిల్లలు సగం మాటలు వదిలేసి ఉంటారు కాబట్టి కథ అచ్చయ్యే రోజుకే అవి పాతబడి ఉండొచ్చు.

సరే తీసేద్దాం అంటే ఇంకో సమస్య. యాస మాటలు, అంటే ఇలా వచ్చిపోయే కుర్రకారు మాటలు, తీసేసిన మర్నాడే కథలో పదిహేనేళ్ళ పిల్ల మాయమై ఆ స్థానంలో నలభై అయిదేళ్ళ తెలుగు టీచరు కూర్చుంటుంది. చాలామంది ఇక్కడ భయపడి మళ్ళీ రెండు 'బ్రో'లు చల్లుతారు. నేను చెప్పేది ఏంటంటే, మాయమైన పిల్ల అసలు మొదట్నుంచీ కథలో లేదు, ఆ మాటలు లేని పిల్లని ఉన్నట్టు చూపించాయి అంతే. గొంతు ఉండాల్సిన చోటు వేరు.

ఒక చిన్న ముక్క తీసుకుని చూద్దాం. ఊరి హైస్కూలు, పదో తరగతి. హాఫ్ ఇయర్లీ మార్కుల్ని బట్టి లెక్కల సారు బెంచీలు మార్చేస్తారు. ఎప్పుడూ పక్కపక్కనే కూర్చునే ఇద్దరమ్మాయిలు విడిపోతారు. కథ చెప్పేది వెనక బెంచీకి వెళ్ళిన అమ్మాయి. మొదటి రకం రాత ఇలా ఉంటుంది:

"మ్యాథ్స్ సార్ ఎంట్రీ ఇచ్చాడు బ్రో, ఫుల్ మాస్. మార్కుల ప్రకారం బెంచీలు మార్చేస్తా అన్నాడు. మైండ్ బ్లాక్. శిరీష ఫస్ట్ బెంచి, నేను లాస్ట్ బెంచి. లైఫే క్రింజ్ అయిపోయింది."

ఇందులో అమ్మాయి గురించి మనకి తెలిసింది సున్నా. ఈ నాలుగు ముక్కలూ క్లాసులో ఎవరైనా అనొచ్చు, శిరీష కూడా అనొచ్చు, ఆఖరికి లెక్కల సారు కొడుకూ అనొచ్చు. ఇప్పుడు దీన్ని శుభ్రం చేశాం అనుకోండి:

"లెక్కల మాస్టారు తరగతిలోకి వచ్చి, పరీక్షలో వచ్చిన మార్కుల ఆధారంగా అందరి స్థానాలూ మారుస్తానన్నారు. శిరీష మొదటి బెంచీకి వెళ్ళింది. నేను ఆఖరి బెంచీలో కూర్చున్నాను. ఆరేళ్ళ మా స్నేహం మధ్య ఒక్కసారిగా అగాధం ఏర్పడింది."

వ్యాకరణం బాగుంది, పిల్ల పోయింది. 'ఆధారంగా', 'స్థానాలు', 'అగాధం'. ఈ మాటలు పిల్లలకి తెలియక కాదు, తెలుగు పేపర్లో వ్యాసం రాయమంటే ఇంతకన్నా పెద్దవే రాస్తారు. అసలు తేడా అక్కడ లేదు. జరిగినదానికి అర్థం ఏంటో అప్పుడే తేల్చేయడం, దానికో పోలిక వెతికి పెట్టడం, ఇది పెద్దవాళ్ళ పని. ఆ వయసులో జరుగుతున్నదాని మధ్యలో ఉంటారు, దాని పేరు ఇంకా తెలియదు. ఇప్పుడు మూడోది:

"మార్కుల్ని బట్టి బెంచీలంట. సారు అలా చెప్పాక కాసేపు ఎవరూ లేవలేదు, నిజంగా అనలేదేమో అనుకున్నాం. నిజంగానే అన్నారు. శిరీషకి 71, నాకు 38, కాబట్టి శిరీష మొదటి బెంచి, నేను కిటికీ దగ్గర ఆఖరిది. నాకేం పర్లేదు. కిటికీ దగ్గర గాలి వస్తుంది. అక్కడ ఫ్యాన్ తిరగదు కాబట్టి కాగితాలు కూడా ఎగరవు. శిరీష లేచేటప్పుడు జామెట్రీ బాక్సు పట్టుకెళ్ళిపోయింది, అది మా ఇద్దరిదీ, అంటే సగం సగం వేసుకుని కొన్నాం, కానీ అందులో ప్రొట్రాక్టర్ మాత్రం నాది. అడగలేదు. ఆ రోజు హోంవర్కు అన్నీ కోణాలే ఇచ్చారు."

ఇందులో ఏ సంవత్సరానికో కట్టుబడిపోయే యాస మాట ఒక్కటి కూడా లేదు. అయినా ఇది నలభై అయిదేళ్ళ మనిషి మాట్లాడుతున్నట్టు లేదు కదా. ఎందుకు లేదో చూస్తే పని జరుగుతున్నది ఎక్కడో తెలుస్తుంది.

మొట్టమొదటి వాక్యంలో 'బెంచీలంట' అన్న చివరి తోక చూడండి. తెలుగులో మనకి ఇలాంటి చిన్న తోకలు బోలెడున్నాయి: అంట, కదా, లే, మరి, అసలు, ఏమో, అంటే, పైగా. ఎదుటివాడి మాటని తన నోట్లోంచి చెప్తూనే 'ఇది నేనన్నది కాదు, నాకు నచ్చలేదు కూడా' అని ఒక్క 'అంట'తో చెప్పేయొచ్చు. ఎంత వెటకారం కావాలంటే అంత అందులో పడుతుంది. మా అమ్మమ్మా ఇలాగే అనేది, మా అక్క కూతురూ ఇలాగే అంటుంది, రేపు దాని పిల్లలూ ఇలాగే అంటారు. పేర్లూ విశేషణాలూ మారినంత తొందరగా ఈ తోకలు మారవు. కాబట్టి గొంతు బరువంతా వీటి మీద వేయాలి, మారిపోయే మాటల మీద కాదు. పదాలు అందరికీ తెలిసినవే ఉంచి, వాక్యాన్ని మాత్రం ఆ పిల్ల విరిచినట్టు విరవాలి. 'అది మా ఇద్దరిదీ, అంటే సగం సగం వేసుకుని కొన్నాం, కానీ' అని తన మాటకి తనే సవరణ చెప్పుకుంటూ పోవడం ఆ వయసు లక్షణం. న్యాయం ఎంత కచ్చితంగా లెక్కపెడతారో ఆ వయసులో! ఎవరి డబ్బులెంత, ఎవరు ముందన్నారు, ఎవరు కావాలని చేశారు. పెద్దయ్యాక మనం ఆ లెక్కలు వదిలేస్తాం, లేదా లోపల దాచుకుంటాం.

రెండోది, 'నాకేం పర్లేదు'. బాధ గురించి ఆ పేరాలో ఉన్న ఒకే ఒక్క వాక్యం అది, అది కూడా అబద్ధం. ఆ తర్వాత గాలి, ఫ్యాను, కాగితాలు. పర్లేదనడానికి ఎవరైనా మూడు కారణాలు వెతుకుతున్నారంటే ఏం జరుగుతోందో చదివేవాడికి తెలిసిపోతుంది, చెప్పేవాళ్ళకే ఇంకా తెలియదు. ఈ దూరం ఉన్నంతసేపూ గొంతు నిలబడుతుంది. చిత్తుప్రతుల్లో నేను మొదట వెతికేది యాస మాటలు కాదు, ఈ దూరం మూసుకుపోయిన చోటు. 'ఆ క్షణంలో నాకర్థమైంది' అనో, 'అప్పుడు నాకు తెలియదు, ఆ రోజుతో నా బాల్యం ముగిసిందని' అనో వాక్యం వచ్చిందంటే అక్కడ రచయిత పిల్లని పక్కకి తోసి మైకు లాక్కున్నట్టే. అలాంటి వాక్యం రాయకూడదని కాదు. కథ ఎప్పుడు చెప్తోంది, వారం తర్వాతా, ముప్పై ఏళ్ళ తర్వాతా? అది ముందే తేల్చుకోవాలి. ముప్పై ఏళ్ళ తర్వాతైతే అగాధాలూ బాల్యాలూ అన్నీ వాడుకోవచ్చు, అప్పటి యాస కూడా నిక్షేపంగా పెట్టుకోవచ్చు, అది జ్ఞాపకం కిందికి వస్తుంది. వారం తర్వాత చెప్తున్న పిల్లకి ఆ వెసులుబాటు లేదు.

ఇదంతా చేసినా ఒక లోటు మిగులుతుంది. టీనేజీ పిల్లలు భాషతో ఆడుకుంటారు. కొత్త మాటలు పుట్టిస్తారు, ఉన్నవాటిని వంకర తిప్పుతారు. యాస తీసేస్తే ఆ ఆట పోతుంది, ఆట లేని పిల్ల కాస్త ముసలమ్మలా ఉంటుంది. మరి ఆ ఆటకి ముడిసరుకు ఎక్కణ్ణుంచి తేవాలి? నా సమాధానం: బడి నుంచే. బడికి తనదైన భాష ఒకటుంది, అది ఏ సినిమా డైలాగు కన్నా ఎక్కువ కాలం బతుకుతుంది.

ప్రతిజ్ఞ తీసుకోండి. పైడిమర్రి వెంకట సుబ్బారావు దాన్ని 1962లో రాశారు. 'భారతదేశం నా మాతృభూమి, భారతీయులందరూ నా సహోదరులు' అని తాతలూ చెప్పారు, మనవళ్ళూ చెప్తున్నారు. అరవై ఏళ్ళకి పైగా రోజూ పొద్దున్నే ఎండలో నిలబడి చేయి చాపి పలికిన మాటలు ఎవరికి గుర్తుండవు? అలాగే 'ఖాళీలను పూరింపుము', 'క్రింది వానికి ఏకవాక్య సమాధానములు వ్రాయుము', 'హెన్స్ ప్రూవ్డ్', సెలవు చీటీలో 'యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్'. జ్వరం లేకపోయినా, పెళ్ళికెళ్ళినా చీటీలో జ్వరమే. రోజూ చెవిన పడే ఈ బిగుసుకుపోయిన భాషని వంకర తిప్పడం పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు. మన కథలో అమ్మాయి మర్నాడు ప్రేయర్‌లో నిలబడి ఇలా అనుకుందనుకోండి:

"భారతీయులందరూ నా సహోదరులు. శిరీష తప్ప."

అంతే చాలు. ఇక్కడ కోపం ఉంది, చిన్నతనం ఉంది, నవ్వూ వస్తుంది. ఇరవై ఏళ్ళ తర్వాత చదివినవాడికి కూడా వివరించక్కర్లేదు. లేదా వెనక బెంచీలో కూర్చుని లెక్కల నోట్సు చివరి పేజీలో ఇలా రాసుకోవచ్చు:

"ఇద్దరు స్నేహితులు ఒకే బెంచీపై స్థిరపడుటకు ఆరు సంవత్సరములు పట్టినది. ఒక మాస్టారు వారిని రెండు నిమిషములలో విడదీసిన, ఒక పీరియడ్‌లో ఆయన ఎంతమందిని విడదీయగలరు?"

ఇది పిల్ల తెలివి. బాధని నేరుగా చెప్పలేక లెక్క చేసి చెప్పింది. అయితే ఇలాంటిది కథ మొత్తానికి ఒకటో రెండో పడాలి, ప్రతి పేజీలో లెక్క వస్తే అది రచయిత తెలివి అయిపోతుంది. ఇంకో సంగతి, కథలో అమ్మాయి ఏ మీడియమో ముందే తేల్చుకోండి. తెలుగు మీడియం పిల్ల 'పట్టినది, విడదీసిన' అని వంకర తిప్పుతుంది. ఇంగ్లీషు మీడియం పిల్ల 'గివెన్ దట్', 'టు ప్రూవ్', 'దేర్‌ఫోర్' అని తిప్పుతుంది, ఆమెకి పై లెక్కలోని 'ములు' 'ట'లు తెలుగు పేపర్లో తప్ప కనపడవు. ఇక్కడ పొరపాటు జరిగితే చదివే పిల్లలు వెంటనే పట్టేస్తారు, 'బ్రో' లేకపోవడం కన్నా ఇది వాళ్ళకి పెద్ద తప్పు.

కొత్త మాటలు పుట్టించడం కూడా ఇక్కణ్ణుంచే చేయొచ్చు. 1950ల్లో ముళ్ళపూడి వెంకటరమణ సృష్టించిన బుడుగు 'జాటర్ ఢమాల్' అన్నాడు. వాడు టీనేజరు కాదు, చిన్న పిల్లాడు, అయినా మనకి పనికొచ్చే సంగతి ఉంది. ఆ మాట అప్పటి పిల్లలంతా వాడుతున్న ఫ్యాషన్ మాట అయ్యుంటే ఈపాటికి పాతబడిపోయేది. అది బుడుగు సొంత మాట, కాబట్టి పాతబడటానికి దానికి బయట ఒక కాలం అంటూ లేదు. మన కథలో సారుకి పిల్లలు 'భాగహారం సారు' అని పేరు పెట్టారనుకోండి. బెంచీలు మార్చిన రోజునే, చదువరి చూస్తుండగా, ఆ పేరు పుట్టాలి. వారం గడిచేసరికి పేరు కాస్తా క్రియ అయిపోవాలి: "నిన్ను కూడా భాగించారా?" "లేదు, మా బెంచీ అంతా ముప్పై అయిదుల్లోనే ఉన్నాం, శేషం." ఇక కథ చివరి సగంలో ఆమె అన్నయ్యని ఇంటర్‌కి విజయవాడ హాస్టల్లో వేసి నాన్న ఒక్కడే తిరిగొచ్చిన రాత్రి, "అన్నయ్యని కూడా భాగించేశారు" అని ఒక్క ముక్క అంటే, అంతకు ముందు నవ్వించిన మాటే ఇక్కడ గుచ్చుకుంటుంది. బయటి నుంచి తెచ్చుకున్న యాస ఈ పని చేయలేదు, ఎందుకంటే దానికి కథలో గతం లేదు.

నా స్నేహితుడొకడు, స్కూల్లో పాఠాలు చెప్పేవాడే, ఇదంతా విని ఒప్పుకోలేదు. "మా తొమ్మిదో తరగతి వాళ్ళు పీరియడ్‌కి నలభైసార్లు బ్రో అంటారు. నీ కథలో ఒక్కసారీ లేకపోతే అది అబద్ధం కాదా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ అదే పిల్లలు పీరియడ్‌కి నలభైసార్లు ముక్కు కూడా ఎగబీలుస్తారు, అది రాయం. మాట్లాడేటప్పుడు చెవి దాటేసే మాటలు కాగితం మీదికొస్తే కంటికి తగులుతాయి. 'బ్రో' చేసే పని దగ్గరితనం చూపించడం, ఆ పనికి తెలుగులో రా, వే, ఒరేయ్, ఒసేయ్, ఏంటే, పోరా తరతరాలుగా ఉన్నాయి, పైగా ఎవరు ఎవర్ని ఎప్పుడు 'వే' అనడం మానేసి పేరు పెట్టి పిలిచారన్నది ఒక చిన్న సంఘటన అవుతుంది. శిరీష మొదటి బెంచీకి వెళ్ళాక మన అమ్మాయిని 'ఏమే' అనకుండా 'లలితా' అని పిలిచిందంటే అక్కడ జరిగింది 'బ్రో'తో చెప్పలేం.

యాస సంగతి ఇలా ఉంటే, అంతకన్నా తొందరగా పాతబడేవి వేరే ఉన్నాయి, వాటిని చాలామంది గమనించరు. పథకాల పేర్లు. ఆంధ్రాలో 2020లో 'జగనన్న గోరుముద్ద' అన్న మధ్యాహ్న భోజనం 2024లో 'డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం' అయింది. వాస్తవికంగా ఉంటుందని కథలో ఆ పేరు పెడితే మరుసటి ప్రభుత్వంతో కథకి తేదీ పడుతుంది. మరి పిల్లలు ఏమంటారు? అన్నం బెల్లు కొట్టారా, ఇవాళ గుడ్డుందా, స్కూల్లో ఇచ్చిన బ్యాగు జిప్పు పోయింది. వాళ్ళ మాటే రాస్తే తేదీ దానంతటదే పోతుంది. ఫోను యాప్‌ల పేర్లూ అంతే, 'క్లాసు గ్రూపులో పెట్టింది' అంటే సరిపోతుంది, ఏ యాపో చదివేవాడు తన కాలాన్ని బట్టి వేసుకుంటాడు.

పరీక్షల పేర్ల దగ్గర మాత్రం నేను వెనకాడతాను. క్వార్టర్లీ, హాఫ్ ఇయర్లీ అనేవి మన తరం నోట్లో నానిన మాటలు, తర్వాత చాలా బళ్ళలో ఎఫ్ఏలూ ఎస్ఏలూ వచ్చాయి. ఏది రాసినా కొంత తేదీ పడుతుంది. పడనివ్వండి. కథ ఏదో ఒక కాలంలో జరగాలి కదా, ఆ కాలం గుర్తు పరీక్ష పేరులో ఉంటే ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. కాలం గుర్తు వస్తువుల్లో, పరీక్షల్లో, బస్సు చార్జీల్లో ఉండొచ్చు. ఆ పిల్ల జరిగినదాన్ని చూసే తీరులో ఉంటేనే చిక్కు.

యాసనీ మాండలికాన్నీ ఒక గాటన కట్టేసేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళతో నాకు పేచీ. 'వచ్చిండు', 'వచ్చినాడు' అనేవి ఆ పిల్ల తన నాయనమ్మ దగ్గర నేర్చుకున్నవి, 'క్రింజ్' పోయిన జూన్‌లో పక్క బెంచీ నుంచి అంటుకున్నది. మొదటిది తీసేస్తే పిల్ల ఊరు పోతుంది. పాతబడుతుందన్న భయంతో మాండలికం కూడా తుడిచేసి పుస్తకాల తెలుగు పెట్టిన కథలు నేను చదివాను, అన్నీ ఒకే బళ్ళో జరిగినట్టుంటాయి.

చిత్తుప్రతి పూర్తయ్యాక నేను చేసే పరీక్ష ఒకటే. ఏదో ఒక పేరా తీసుకుని, చెప్పే మనిషిని ఆ పిల్ల వాళ్ళ నాన్నగా మార్చి చదువుతాను. రెండు మూడు పదాలు మారిస్తే నాన్నకి సరిపోయిందంటే ఆ పేరాలో పిల్ల లేదు. మన మూడో పేరాని నాన్నకి ఇవ్వలేం. కూతురికి 38 వచ్చిందన్న దగ్గరే ఆయన ఆగిపోతాడు, ప్రొట్రాక్టర్ దాకా రాడు.

అయినా ఒక్క యాస మాటైనా లేకుండా రాయలేననిపిస్తే ఒక దారుంది. దాన్ని వాడకుండా దాని గురించి చెప్పించండి. "క్లాసు ఫస్ట్ వచ్చినవాళ్ళని తోపు అనేవాళ్ళం. హాఫ్ ఇయర్లీ సెలవుల తర్వాత సెవెన్త్ క్లాసు వాళ్ళు కూడా తోపు అంటుంటే మేం మానేశాం. శిరీష ఇంకా అంటుంది, మొదటి బెంచీ దాకా కబురు వెళ్ళినట్టు లేదు." ఇక్కడ ఆ మాట పాతబడిందని కథే చెప్పేసింది కాబట్టి ఇక అది ఎన్నేళ్ళకైనా పాతబడదు, పైగా శిరీషకి ఒక దెబ్బ కూడా పడింది.